వంద ఎంబీపీఎస్ ఉన్నా వీడియో కాల్ ఎందుకు ఆగిపోతుంది?

మా నాన్నగారికి రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ చాలావరకు కోలుకున్నాయి కానీ మాట ఇంకా తడబడుతోంది. ఆయనకు చెప్పాలనుకున్నది తెలుసు, దాని పేరు మాత్రం వెంటనే నోటికి రాదు. మేముండేది కోల్‌కతాలో. స్పీచ్ థెరపీ మాతృభాషలో జరిగితేనే మేలని డాక్టరు చెప్పడంతో విశాఖపట్నంలో ఉండే ఒక థెరపిస్టుతో వారానికి మూడు రోజులు, సాయంత్రం ఏడుంపావుకి వీడియో కాల్ పెట్టుకున్నాం. ఆవిడ ఒక బొమ్మ చూపిస్తారు, నాన్నగారు దాని పేరు చెప్పాలి. పేరు చెప్పడానికి ఎంతసేపు పట్టిందన్నది ఆవిడ రాసుకుంటారు.

నెల తిరిగాక ఒకరోజు ఆవిడ నాతో, ‘‘ఏమనుకోకండి, మీ నాన్నగారు ఆలోచిస్తూ ఆగుతున్నారో, మీ నెట్ ఆగుతోందో నాకు తెలియడం లేదు. ఆయన మొహం అలాగే బిగుసుకుపోయి కనిపిస్తోంది’’ అన్నారు. మాకేమో ఆవిడ చక్కగా కనిపిస్తున్నారు, వినిపిస్తున్నారు. స్పీడ్ టెస్ట్ పెట్టి చూశాను. డౌన్‌లోడ్ 97 ఎంబీపీఎస్. వీడియో కాల్‌కు కావలసింది మహా అయితే రెండు, మూడు ఎంబీపీఎస్. దానికి ముప్ఫై రెట్లున్నా కాల్ ఆగిపోతోందంటే, స్పీడ్ టెస్ట్ చూపించే అంకె ఒకటి, కాల్‌కు కావలసింది మరొకటి అన్నమాట.

మనం స్పీడ్ అని పిలిచేది నిజానికి పరిమాణం. ఒక సెకనులో ఎన్ని బిట్లు దాటాయన్న లెక్క. మొదటి బిట్టు ఎప్పుడు చేరింది, తరువాతివి ఏ వరసలో, ఎంత ఎడంతో చేరాయి అన్నది అందులో కనిపించదు. ఒక ఉదాహరణ చూడండి. ఒక్కొక్కటి ఒక టెరాబైటు పట్టే హార్డ్ డిస్కులు వంద సంచిలో వేసుకుని హౌరాలో రైలెక్కితే దాదాపు 14 గంటల్లో విశాఖలో దిగుతాం. లెక్క వేస్తే అది సెకనుకు సుమారు 16 వేల ఎంబీపీఎస్. మా ఇంటి కనెక్షన్‌కు 160 రెట్లు. కానీ ఆ దారిలో ‘‘హలో’’ అంటే అవతలివారికి వినపడేది 14 గంటల తరువాత. ఆ 14 గంటలే లేటెన్సీ, అంటే జాప్యం. రైళ్లు ఒకరోజు 14 గంటల్లో, మరొకరోజు 19 గంటల్లో చేరుతుంటే ఆ హెచ్చుతగ్గులు జిట్టర్. సంచుల్లో ఒకటి దారిలో పోతే అది ప్యాకెట్ లాస్. రైలుకు ఎన్ని పెట్టెలు తగిలించినా ఈ మూడూ మారవు.

వీడియో కాల్‌లో మన మాట, బొమ్మ చిన్నచిన్న ప్యాకెట్లుగా విడిపోయి ప్రయాణిస్తాయి. మాటకైతే సాధారణంగా ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్, అంటే సెకనుకు 50. బొమ్మ సెకనుకు 30 ఫ్రేములు అనుకుందాం. ఒకటిన్నర ఎంబీపీఎస్ వీడియోలో ఒక్కో ఫ్రేముకు సుమారు ఐదు ప్యాకెట్లు పడతాయి. ఇవన్నీ బయలుదేరేటప్పుడు క్రమం తప్పకుండా బయలుదేరతాయి. చేరేటప్పుడు ఆ క్రమం ఎంత చెదిరిందన్నదే కాల్ నాణ్యతను తేల్చేది.

ముందు జాప్యం సంగతి. కోల్‌కతా నుంచి విశాఖకు రైలు దారి దాదాపు 900 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కాబట్టి ఆ దూరానికి పట్టేది నాలుగున్నర మిల్లీసెకన్లు. తీగలు తిన్నగా వెళ్లవు, కాల్ చెన్నైలోనో ముంబైలోనో ఉన్న సర్వర్ మీదుగా తిరిగి వెళ్లవచ్చు. అలా చూసినా దూరం వల్ల పోయేది కొన్ని పదుల మిల్లీసెకన్లే. నోటి నుంచి అవతలి చెవికి చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే సంభాషణకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జీ.114 అనే సిఫార్సులో చెప్పింది. భౌతికశాస్త్రం మా వైపే ఉంది. జాప్యం ఇంకెక్కడో పుడుతోంది.

మనిషి చెవికి ఈ జాప్యం ఎందుకంత ఇబ్బందో కూడా చెప్పాలి. పది భాషల్లో సంభాషణలను పోల్చిన ఒక అధ్యయనం 2009లో వచ్చింది. ఒకరు ప్రశ్న అడగడం ముగించాక రెండోవారు జవాబు మొదలుపెట్టడానికి తీసుకునే విరామం సగటున 200 మిల్లీసెకన్ల దగ్గర ఉందని అందులో తేలింది. వెళ్లిరావడానికి 800 మిల్లీసెకన్లు పట్టే కాల్‌లో అవతలివారికి మన ప్రతి జవాబూ సంకోచిస్తూ చెప్పినట్టే వినిపిస్తుంది. అందుకే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడం, ఒకేసారి ఆగి ‘‘మీరు చెప్పండి’’ అనుకోవడం. మా విషయంలో ఇది ఇంకా పెద్ద చిక్కు. నాన్నగారు ఒకటిన్నర సెకను ఆలోచిస్తే థెరపిస్టుకు రెండు సెకన్లకు పైగా మౌనం వినిపిస్తుంది. ఆ అదనం ఎప్పుడూ ఒకేలా ఉంటే తీసివేసి లెక్కకట్టుకోవచ్చు. ఒకసారి 100, ఒకసారి 700 ఉంటే ఏం తీసివేస్తారు?

ఆ హెచ్చుతగ్గులే జిట్టర్. దాన్ని తట్టుకోవడానికి కాల్ చేసే యాప్‌లో ఒక చిన్న నిల్వ ఉంటుంది. వచ్చిన ప్యాకెట్‌ను వెంటనే వినిపించకుండా కాసేపు ఆపి, వెనక పడినవి చేరాక సమానమైన ఎడంతో వినిపిస్తుంది. 60 మిల్లీసెకన్లు ఆపితే, 60 లోపు ఆలస్యమైన ప్యాకెట్లన్నీ క్షేమం. కానీ ఇదేమీ ఉచితంగా రాదు. ఆపిన 60 మిల్లీసెకన్లూ జాప్యంలో కలుస్తాయి. 140 మిల్లీసెకన్లు ఆలస్యమైన ప్యాకెట్ క్షేమంగా చేరినా లాభం లేదు, దాని వంతు దాటిపోయింది, పారేయాల్సిందే. ఇలా జిట్టర్ కొంత జాప్యంగా, మిగిలింది నష్టంగా మారుతుంది. ఈ మూడింటినీ విడివిడి రోగాలుగా చూడటం కంటే, ఒకటి మరొకటిగా వేషం మార్చుకుంటుందని గుర్తుంచుకోవడం మేలు.

ప్యాకెట్ పోతే ఏమవుతుందన్నది మాటకు ఒక రకం, బొమ్మకు ఒక రకం. మాటలో 20 మిల్లీసెకన్ల ముక్క పోతే యాప్ ముందున్న ధ్వనిని కాస్త సాగదీసి ఆ ఖాళీ పూడుస్తుంది, చాలాసార్లు మనకు తెలియను కూడా తెలియదు. బొమ్మ అలా కాదు. ప్రతి ఫ్రేములోనూ పూర్తి చిత్రం పంపరు, కిందటి ఫ్రేముకు ఇప్పటికి ఏం మారిందో అంతవరకే పంపుతారు. మధ్యలో ఒకటి తెగితే దాని తరువాతివన్నీ ఆధారం లేనివైపోతాయి. పోయిన ప్యాకెట్‌ను మళ్లీ అడిగి తెప్పించుకునేదాకా, లేదా పూర్తి చిత్రం ఒకటి కొత్తగా వచ్చేదాకా తెర మీద చివరి బొమ్మ అలాగే నిలబడుతుంది. మనం ‘ఫ్రీజ్ అయింది’ అనేది ఇదే. నూటికి ఒక ప్యాకెట్ పోవడం తక్కువ అనిపిస్తుంది. కానీ ఫ్రేముకు ఐదు ప్యాకెట్లున్నప్పుడు, వాటిలో ఒక్కటైనా పోయే అవకాశం దాదాపు నూటికి ఐదు. సెకనుకు 30 ఫ్రేములు కాబట్టి సగటున ప్రతి సెకనులో ఒకటి, రెండు ఫ్రేములు దెబ్బతింటాయి.

స్పీడ్ టెస్టులో ఇదేదీ కనబడకపోవడానికి కారణం ఉంది. అది సాధారణంగా ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి, పైపు నిండేదాకా డేటా లాగుతుంది. ఏదైనా ప్యాకెట్ పోతే మళ్లీ తెప్పించుకుంటుంది, ఆలస్యమైతే ఎదురుచూస్తుంది, పది సెకన్ల చివర మొత్తం ఎంతో లెక్క చెబుతుంది. సినిమా చూసేటప్పుడూ అంతే. చూడబోయే భాగం కొన్ని సెకన్లు ముందే వచ్చి నిల్వ ఉంటుంది కనుక మధ్యలో అర సెకను తడబడినా మనకు తెలియదు. ఎదుటి మనిషి ఇంకా అనని మాటను ముందే నిల్వ చేసుకోవడం మాత్రం ఎవరివల్లా కాదు.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. నాకు దొరికిన మొదటి ఆధారం, మాకు ఆవిడ బాగానే కనిపిస్తున్నారు, ఆవిడకే మేం ఆగిపోతున్నాం అన్నది. అంటే ఇబ్బంది మా నుంచి బయటకు వెళ్లే దారిలో ఉంది. స్పీడ్ టెస్ట్ మళ్లీ చూస్తే పెద్ద అక్షరాల 97 పక్కన అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ అని ఉంది. అదైనా కాల్‌కు చాలినంతే. అయితే ఆ దారిలో ఇంకెవరున్నారో చూడాలి. లాప్‌టాప్‌లో రెండు కిటికీలు తెరిచి రెండు ఆదేశాలు ఇచ్చాను. మొదటిది మా రౌటర్‌ను పలకరిస్తుంది, రెండోది బయట ఉన్న ఒక సర్వర్‌ను.

```
ping -n 60 192.168.1.1
ping -n 60 8.8.8.8
```

ఇది విండోస్‌లో రాసే పద్ధతి. లినక్స్, మ్యాక్‌లలో `-n` బదులు `-c` రాయాలి. రౌటర్ చిరునామా మీ ఇంట్లో వేరుగా ఉండవచ్చు. ప్రతి పలకరింపుకూ జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో వరసగా కనిపిస్తుంది. అది జాప్యం. ఆ అంకెలు ఎంత ఎగిరిపడుతున్నాయో అది జిట్టర్. చివర్లో ఎన్ని పోయాయో శాతంలో చెబుతుంది. మధ్యాహ్నం చూసినప్పుడు రౌటర్‌కు 2, 3 మిల్లీసెకన్లు, బయటకు 24, 25. లోపమేమీ లేదు.

సాయంత్రం ఏడుంపావుకి మళ్లీ చూశాను. రౌటర్‌కు అదే 3. బయటకు మాత్రం 310, 540, 760, 790. అప్పుడు తెలిసింది దొంగ ఎవరో. నేను ఏడు గంటలకు ఆఫీసు నుంచి వస్తాను. గుమ్మంలో అడుగు పెట్టగానే నా ఫోన్ వైఫై పట్టుకుని, పగలు తీసిన ఫొటోలూ వీడియో ముక్కలూ బ్యాకప్ చేయడం మొదలుపెడుతుంది. నెల రోజులుగా థెరపీని పాడుచేస్తున్నది నా జేబులోని ఫోనే. దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టగానే అంకె 25కు దిగింది.

10 ఎంబీపీఎస్ దారిలో బ్యాకప్‌కు తొమ్మిదో, కాల్‌కు ఒకటో దొరకాలి కదా, 790 మిల్లీసెకన్ల ఆలస్యం ఎక్కడిది? ఇంట్లో పెట్టెలోంచి బయటి తీగలోకి వెళ్లేచోట ఒక వరస ఉంటుంది. వచ్చిన ప్యాకెట్లు అందులో నిలబడి, ఒకదాని వెనక ఒకటి వెళ్తాయి. 790 లోంచి మామూలు 25 తీసేస్తే సుమారు 0.77 సెకను. సెకనుకు 10 మెగాబిట్ల చొప్పున 0.77 సెకనులో ఖాళీ అయ్యేది దాదాపు 7.7 మెగాబిట్లు, అంటే ఒక మెగాబైటుకు కాస్త తక్కువ. మా పెట్టెలో ఆ వరసకు ఇచ్చిన జాగా ఇంచుమించు అంత ఉండాలి. ఫోన్ బ్యాకప్ దాన్ని అంచుదాకా నింపేస్తుంది. నాన్నగారి మాట మోసే ప్యాకెట్ చిన్నదే అయినా, ముందున్న ఫొటోలన్నీ కదిలేదాకా వెనకాల నిలబడాల్సిందే. కాల్ యాప్ ఆలస్యం పెరగడం గమనించి, మర్యాదగా తన వాటా తగ్గించుకుని బొమ్మను మసకబారుస్తుంది. బ్యాకప్ ఆ వదిలిన చోటును కూడా ఆక్రమిస్తుంది.

బ్యాకప్ అలా ఎందుకు ఆక్రమిస్తుందన్నది ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం. ఫైళ్లు పంపే టీసీపీ అనే పద్ధతికి దారి ఎంత వెడల్పో ముందుగా తెలియదు. అది వేగం పెంచుకుంటూ పోతుంది, ఎక్కడో ఒక ప్యాకెట్ పోయిందని తెలిస్తే తగ్గుతుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న టీసీపీ రకాల్లో ఎక్కువ భాగం ఇలాగే నడుస్తాయి. వాటికి నష్టమే సంకేతం. జ్ఞాపక చిప్పుల ధర పడిపోయాక తయారీదారులు ‘ప్యాకెట్ పోకూడదు’ అనుకుని వరసలకు చాలా పెద్ద జాగా ఇచ్చారు. జాగా పెద్దదైతే ప్యాకెట్ పోదు, పోకపోతే సంకేతం అందదు, అందకపోతే పంపేవాడు ఆగడు. నష్టాన్ని తప్పించబోయి జాప్యాన్ని కొనితెచ్చుకున్నారు. జిమ్ గెటీస్ అనే అమెరికన్ ఇంజనీరు 2010లో తన ఇంట్లో ఒక పెద్ద ఫైల్ పంపుతుంటే నెట్ మొత్తం ఈడ్చుకుపోవడం చూసి, కారణం వెతుక్కుంటూ ఇక్కడికి చేరాడు. దీనికి బఫర్‌బ్లోట్ అని, అంటే నిల్వ ఉబ్బడం అని పేరు వచ్చింది.

దీనికి విరుగుడు కూడా ఉంది. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్‌సన్ కోడెల్ అనే పద్ధతి ప్రతిపాదించారు. వరస ఎంత పొడుగుందని కాకుండా, ప్యాకెట్ అందులో ఎంతసేపు నిలబడిందని చూస్తుంది. నిలబడే సమయం 5 మిల్లీసెకన్లకు మించి, అలా 100 మిల్లీసెకన్లపాటు తగ్గకపోతే ఒక ప్యాకెట్‌ను కావాలని పారేస్తుంది. పంపేవాడికి సంకేతం అందుతుంది, తగ్గుతాడు. దీని మీద వచ్చిన ఎఫ్‌క్యూ-కోడెల్ ఇంకో అడుగు వేసి, ఒక్కో ప్రవాహానికి వేరు వరస పెట్టి వంతులవారీగా పంపుతుంది. ఫొటోల వెనక మాట నిలబడాల్సిన అగత్యం లేదు.

ఈ చోట కోల్‌కతాకే చెందిన ఒక పాత కాల్ గుర్తొస్తుంది. 1995 జులై 31న ఇక్కడి రైటర్స్ బిల్డింగ్ నుంచి ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అదే మనదేశంలో తొలి మొబైల్ కాల్. ఆ జీఎస్ఎం పద్ధతిలో మాటకు దొరికేది సెకనుకు 13 కిలోబిట్లు, మా ఇంటి అప్‌లోడ్‌లో ఏడొందలో వంతు కంటే తక్కువ. కానీ ప్రతి 4.6 మిల్లీసెకన్ల చక్రాన్ని ఎనిమిది భాగాలు చేసి, కాల్ ఉన్నంతసేపూ ఒక భాగాన్ని ఆ ఒక్క ఫోన్‌కే కేటాయించేవారు. మాట్లాడినా, మౌనంగా ఉన్నా అది మరొకరికి పోదు. నిలబడే వరస లేదు కాబట్టి ఈ రకం జిట్టర్ కూడా లేదు. సిగ్నల్ అందక కాల్ తెగిపోవచ్చు కానీ, పక్కవాడు ఫొటోలు పంపుతున్నాడని మాట ఆగదు. ఇంటర్నెట్ ఆ కేటాయింపును వదిలేసింది. అందుకే అంత చవకైంది, అందుకే నిముషం మాటకు లెక్కగట్టే రోజులు పోయాయి. హామీ కూడా దానితోపాటే పోయింది.

మా ఇంట్లో చేసింది ఇది. బ్యాకప్‌ను రాత్రి ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే జరిగేలా పెట్టాను. మా రౌటర్‌లో వరసను అదుపు చేసే సదుపాయం లేదు. అది ఉన్న రౌటర్ ఒకటి కొని, అప్‌లోడ్ పరిమితి 9 ఎంబీపీఎస్ అని రాశాను. ఉన్న పదిలో ఒకటి వదులుకోవడం దేనికంటే, వరస ఎప్పుడూ మన రౌటర్‌లోనే, కోడెల్ కంటి ముందే ఏర్పడాలి. పదికి పది వాడితే అది ఆపరేటర్ ఇచ్చిన పెట్టెలోకి జారిపోతుంది, అక్కడ మన మాట చెల్లదు. ఇప్పుడు కావాలని పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేస్తూ చూసినా బయటి సర్వర్‌కు 30, 40 దాటడం లేదు.

అయినా ఒక్కోసారి చిన్న కుదుపులు మిగిలాయి, అదీ నాన్నగారు లోపలి గదిలో కూర్చున్నప్పుడే. ఈసారి రౌటర్‌కే 3, 4, 120, 5, 85 అని వస్తోంది. అంటే తప్పు వీధిలో లేదు, గదికీ రౌటర్‌కూ మధ్య ఉంది. మాది పాత ఇల్లు, గోడలు మందం. చుట్టుపక్కల ఇళ్లవి డజనుకు పైగా వైఫైలు కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానితో ఒకటి తగలని చానళ్లు మూడే, 1, 6, 11. వైఫై పరికరం పంపేముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో విని, ఖాళీ దొరికితేనే పంపుతుంది. అవతలి నుంచి అందినట్టు కబురు రాకపోతే మళ్లీ పంపుతుంది. ఆ మళ్లీమళ్లీ పంపడం వల్ల నష్టం దాగిపోయి జిట్టర్‌గా బయటపడుతుంది. మందం గోడల్లో 5 గిగాహెర్ట్జ్ సరిగా దూరలేదు. చివరికి పదిహేను మీటర్ల లాన్ తీగ కొని గోడ వెంట లాగాను. రౌటర్‌కు అంకె ఒకటి దాటడం లేదు.

ఇలా రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలా తేలుతుంది. రౌటర్‌కే ఎగుడుదిగుడుగా ఉంటే వైఫై. రౌటర్‌కు బాగుండి, ఇంట్లో ఎవరో ఏదో పంపుతున్నప్పుడే బయటకు పెరిగితే మన వరస. ఇంట్లో అన్నీ ఆపేసినా రోజూ రాత్రి తొమ్మిదికి పెరిగి, తెల్లవారుజామున తగ్గితే వీధిలోనో ఆపరేటర్ దగ్గరో రద్దీ. దానికి మన రౌటర్‌లో మందు లేదు. వారం రోజుల అంకెలు వేళతో సహా రాసిపెట్టుకుని ఫిర్యాదు చేయాలి. ‘నెట్ స్లోగా ఉంది’ అంటే వాళ్లు స్పీడ్ టెస్ట్ పెట్టమంటారు, అది 97 చూపిస్తుంది, ఫిర్యాదు అక్కడితో ముగిసిపోతుంది.

గతవారం కరెంటు పోయి ఒక సెషన్ ఫోన్ హాట్‌స్పాట్ మీద జరిగింది. మొబైల్ టవర్ దగ్గరి వరస నా చేతిలో లేదు, అంకెలు 40 నుంచి 300 మధ్య ఎగిరాయి. ఆ రోజు థెరపిస్టు పేర్లు చెప్పించే అభ్యాసం పక్కన పెట్టి, నాన్నగారిచేత వారాల పేర్లు వరసగా చదివించారు. దానికి గడియారం అక్కరలేదు.